ఫొటోలో గీతలు కొట్టిన వెన్ చిత్రం: 0.91, 0.73, 0.85లో ఏది సరి?

కవిటి తోట అడిగారు:
మా అమ్మాయి ఇంటర్ సెకండియర్. ట్యూషన్ నుంచి లెక్క ఫొటో వచ్చింది. 100 మంది రైతుల్లో కొబ్బరి 60 మందికి, జీడి 50 మందికి, పనస 30 మందికి ఉంది, ఒకరిని యాదృచ్ఛికంగా ఎంచితే ఈ మూడింట్లో కనీసం ఒకటైనా ఉండే సంభావ్యత ఎంత అని. పక్కన వెన్ చిత్రం. కొబ్బరికి అడ్డగీతలు, జీడికి ఏటవాలు గీతలు, పనసకి నిలువుగీతలు కొట్టారు. కొబ్బరి మాత్రమే 20, జీడి మాత్రమే 15, పనస మాత్రమే 5. కొబ్బరి-జీడి కలిసే ముక్కలో 20, జీడి-పనస ముక్కలో 5, కొబ్బరి-పనస ముక్కలో 10. నడిమధ్యలో మూడు గీతలూ పడి నల్లగా అయిపోయింది, అంకె 10 లాగా ఉంది, 16 లాగా కూడా ఉంది. వృత్తాల బయట ఏదో రాసి ఉంది గానీ ఫొటోలో ఆ మూల కట్ అయింది. మా అమ్మాయికి 0.91 వచ్చింది, దాని ఫ్రెండ్‌కి 0.73, ట్యూషన్‌లో 0.85 అన్నారట. ఏది సరి?

బొబ్బిలి బీటెక్:
సింపుల్ అండీ. ఫార్ములాలో వేసేయండి. 20+15+5 నుంచి 20, 5, 10 తీసి, మధ్యలో 10 కలపండి. 15 వస్తుంది. 15/100 అంటే 0.15.

చీపురుపల్లి చిన్నోడు:
కొబ్బరే 60 మందికి ఉంటే మొత్తం 0.15 ఎలా అవుద్ది గురూ 😀

బొబ్బిలి బీటెక్:
ఆగండి, అదే చెప్పబోతున్నా. 0.15 అంటే ఏ తోటా లేనివాళ్ళు. 1 నుంచి తీస్తే 0.85. ట్యూషన్ ఆన్సర్‌తో సరిపోయింది కదా. కట్ అయిన మూలలో 15 అనే రాసి ఉంటుంది, చూసుకోండి.

గజపతినగరం టీచర్:
మూలలో 15 ఉండి ఉంటుంది, నిజమే. కానీ మీ 15కీ దానికీ సంబంధం లేదు తమ్ముడూ, అంకెలు అలా కలిశాయంతే. అదే పటం ఉంచి రైతులు 100 కాదు 200 మంది అనుకోండి. బయట 115 మంది ఉంటారు. మీ ఫార్ములాలో మాత్రం మళ్ళీ 15 వస్తుంది, ఎందుకంటే అందులో మొత్తం సంఖ్య ఎక్కడా లేదు. సరైన జవాబు పక్కన కూర్చుంది కాబట్టి దారి కూడా సరైనదే అనుకోకండి.

అసలు తిరకాసు ఎక్కడుందంటే, ఫార్ములాకి కావాల్సింది వృత్తం మొత్తం. పటంలో రాసింది ఒక్కో ముక్కలో ఉన్నవాళ్ళ సంఖ్య. ముక్క అంకెను వృత్తం అనుకుంటే ఇలాగే అవుతుంది. ఎలా తెలుస్తుందంటారా? జీడి-పనస ముక్కలో 5 ఉంది. మధ్యలో 10 గానీ 16 గానీ ఉంది. మూడూ ఉన్నవాళ్ళకి జీడి, పనస ఎలాగూ ఉంటాయి. కాబట్టి జీడి-పనస రెండూ ఉన్నవాళ్ళ మొత్తం, మధ్య అంకె కంటే తక్కువ అవ్వడానికి వీల్లేదు. 5 తక్కువ. అంటే ఆ 5, ఆ రెండే ఉండి కొబ్బరి లేనివాళ్ళు. ఫొటో ఎంత మసకగా ఉన్నా ఈ ఒక్క పోలిక చాలు.

సోంపేట రైతు:
ఏటండీ ఈ లెక్క? ఉద్దానంలో 100 మంది రైతుల్లో 15 మందికి కొబ్బరీ లేదు, జీడీ లేదు, పనసా లేదంటే వాళ్ళేం రైతులు? 2018లో తిత్లీ వచ్చినప్పుడు మా కొబ్బరి చెట్లు వేళ్ళతో సహా లేచిపోయాయి. అప్పుడు అడగండి, ఏదీ లేనివాళ్ళు ఎంతమందో చెప్తాను.

గజపతినగరం టీచర్:
బాబాయ్, ఆ 15 మందీ వరి వేసుకున్నారనుకోండి. లెక్క రాసినవాళ్ళు ఉద్దానం చూసి రాసుండరు.

రాజాం మాస్టారు:
టీచర్ గారు చెప్పింది బాగానే ఉంది గానీ, ముక్కలు చూసి కలుపుకోవడం పద్ధతి కాదు. సంకలన సిద్ధాంతం ఉన్నది ఎందుకు?

P(A∪B∪C) = P(A) + P(B) + P(C) − P(A∩B) − P(B∩C) − P(C∩A) + P(A∩B∩C)

ఇది రాసి, విలువలు వేసి, సమాధానం తేవాలి. ముందు రెండేసి ఛేదనాలు తీసుకోండి. కొబ్బరి-జీడి 20+10 = 30, జీడి-పనస 5+10 = 15, కొబ్బరి-పనస 10+10 = 20. 60+50+30 కలిపి 140. అందులో 65 తీస్తే 75, మళ్ళీ 10 కలిపితే 85. అంతే. ఫొటోలు, గీతలు అన్నీ పిల్లల్ని చెడగొట్టడానికే.

గజపతినగరం టీచర్:
మాస్టారూ, మధ్యలో 10 అని మీకు ఎవరు చెప్పారు? ఆవిడ అడిగిందే 10 లాగా ఉంది, 16 లాగా ఉంది అని. మీరు 10 వేసేసుకున్నారు.

రాజాం మాస్టారు:
జవాబు 0.85 అన్నారు కదా ట్యూషన్‌లో.

గజపతినగరం టీచర్:
అంటే మీరు కూడా జవాబు చూసే వచ్చారు. ఇందాకటి తమ్ముడికీ మీకూ తేడా ఏముంది?

రాజాం మాస్టారు:
ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినవాణ్ణి. మాటలు చూసుకోండి.

చీపురుపల్లి చిన్నోడు:
🍿

కవిటి తోట:
అయ్యా, గొడవ వద్దు. 0.91, 0.73 ఎక్కడి నుంచి వచ్చాయో అర్థం కావట్లేదు. ఇద్దరూ మధ్యలో 16 అనే చదివారట. ఒకే అంకె చదివి రెండు జవాబులెలా వస్తాయి?

గజపతినగరం టీచర్:
ఇదే నాకు నచ్చిన ప్రశ్న. మీ అమ్మాయి ముక్కలన్నీ కలిపింది. 20+15+5, 20+5+10, మొత్తం 75. దానికి 16 కలిపితే 91. ఫ్రెండ్ మాస్టారి ఫార్ములా వాడింది. రెండేసి ఛేదనాలు ఆ పిల్లకి 36, 21, 26 వచ్చాయి. 140 నుంచి 83 తీసి 16 కలిపితే 73.

ముక్కలు కలిపితే మధ్య అంకె ఒక్కసారే పడుతుంది, అది పెరిగితే జవాబు పెరుగుతుంది. ఫార్ములాలో అదే అంకె మూడు ఛేదనాల్లోనూ దూరి మూడుసార్లు పోతుంది, చివర్లో ఒకసారి తిరిగొస్తుంది. అంటే రెండుసార్లు తీసేసినట్టు. అది పెరిగితే జవాబు తగ్గుతుంది. మధ్య అంకెను x అనుకుంటే ఒక దారిలో 75+x, ఇంకో దారిలో 105−2x. రెండూ ఒకటయ్యేది x = 10 దగ్గర మాత్రమే. కాబట్టి అమ్మాయిలిద్దరికీ వేరువేరు జవాబులు రావడమే 16 తప్పని చెప్పేస్తోంది.

అంత దూరం వెళ్ళకుండా కూడా తెలుస్తుంది. కొబ్బరి వృత్తంలో 20, 20, 10 కలిపితే 50. మొత్తం 60 అన్నారు. మిగిలింది 10. జీడి వృత్తంలో 15, 20, 5 కలిపితే 40, మొత్తం 50, మళ్ళీ 10. పనసలో 5, 5, 10 కలిపితే 20, మొత్తం 30, మళ్ళీ 10.

ఇంకో మాట. ఈ లెక్కకి మధ్య అంకె అసలు అక్కర్లేదు. కొబ్బరి వృత్తం మొత్తం 60 తీసుకోండి, మధ్య ముక్క ఎలాగూ అందులోనే ఉంది. దాని బయట గీతలు పడిన ముక్కలు మూడే: జీడి మాత్రమే 15, జీడి-పనస 5, పనస మాత్రమే 5. 60+25 = 85. నల్లగా అయినా, ఫ్లాష్ పడి తెల్లగా అయినా ఫరవాలేదు. కట్ అయిన మూల కూడా అక్కర్లేదు, మొత్తం 100 అని ప్రశ్నలోనే ఉంది.

బొబ్బిలి బీటెక్:
మధ్యలో మూడు గీతలూ ఉన్నాయి కదా, ఆ ఒక్క ముక్కనే చూడాలేమో? మా క్లాసులో అలాగే చెప్పారు.

గజపతినగరం టీచర్:
అది మూడూ ఉన్నవాళ్ళని అడిగితే. కనీసం ఒకటి అన్నారు కాబట్టి ఏ రకం గీత ఒక్కటి పడినా ఆ ముక్క లెక్కలోకి వస్తుంది. ఎన్ని గీతలు పడ్డాయన్నది చూడక్కర్లేదు.

రాజాం మాస్టారు:
సరే, 60+25. చాలా తెలివైన దారి. పరీక్షలో ఇది రాస్తే ఎవరు దిద్దుతారు? మా అబ్బాయి కోచింగ్‌లో పరీక్ష రాశాడు. పటం గీసి, గీతలు కొట్టి, కింద జవాబు రాశాడు. జవాబు కరెక్ట్. స్టెప్ మార్కులు ఒక్కటీ వేయలేదు. అడిగితే ఫార్ములా ఏదని అడిగారు. ఆ రోజు వాడు అన్నం తినలేదు. మీకు తెలివి ముఖ్యం, నాకు పిల్లవాడి మార్కులు ముఖ్యం.

గజపతినగరం టీచర్:
మరి ముందే ఈ మాట చెప్పొచ్చు కదా మాస్టారూ. ఇంతసేపూ ఫార్ములా సరైనదా కాదా అని వాదించుకుంటున్నాం. ఫార్ములా తప్పని నేనెక్కడా అనలేదు. మా క్లాసులో ఒక పిల్ల మీలాగే ఫార్ములా మొదటి లైన్లో చక్కగా రాసి, ముక్కల అంకెలు అందులో వేసి 0.15 తెచ్చింది. కొబ్బరి ఒక్కటే 0.6 అని పైన రాసుకుని, కింద 0.15 రాసి గడి కట్టింది. పేపర్ దిద్దేవాళ్ళు ఫార్ములాకి మార్కు వేశారు. ఆ మార్కు నాకు సంతోషం కలిగించలేదు.

రాజాం మాస్టారు:
మీకు కలిగించకపోయినా ఆ పిల్లకి కలిగించింది.

సోంపేట రైతు:
మార్కుల సంగతి సరే, 100 మందిలో ఒకరిని యాదృచ్ఛికంగా అంటే ఎలా ఎంచుతారు? మా ఊళ్ళో సర్వేకి వస్తే రోడ్డు పక్క తోటల వాళ్ళనే అడిగి వెళ్ళిపోతారు.

గజపతినగరం టీచర్:
అది చాలా పెద్ద ప్రశ్న బాబాయ్. 85ని 100తో భాగించే హక్కు, అందరికీ సమాన అవకాశం ఉంటేనే. చీటీలు వేసి తీసినట్టు. రోడ్డు పక్క వాళ్ళనే అడిగితే ఈ పటం పనికిరాదు.

కవిటి తోట:
0.85 అని రాయించాను. అమ్మాయి పై లైన్లో ఫార్ములా, కింద 60+15+5+5 రాసింది. మాస్టారు గారూ, దీనికి స్టెప్ మార్కులు పడతాయా?

రాజాం మాస్టారు:
ఫార్ములా రాసి విలువలు వేయకుండా వేరే దారిలో వెళ్తే నేనైతే ఒక మార్కు తీసేస్తాను.

గజపతినగరం టీచర్:
నేనైతే ఫుల్ మార్కులు వేస్తాను. ఫార్ములా కొట్టేయించండి.

చీపురుపల్లి చిన్నోడు:
పేపర్ ఎవరి దగ్గరికి వెళ్తుందో దాని సంభావ్యత కూడా చెప్పండి మరి.