కుమ్మరి సారె నుంచి బండి చక్రానికి అంత ఆలస్యం ఎందుకు?

మెసొపొటేమియాలో కుమ్మరి సారె ముందు వచ్చి బండి తర్వాత వచ్చిందంటారు కదా, దాని గురించి ఒక డౌట్. సారెకి బరువంతా నిలువుగా కింది మొన మీదే పడుతుంది, కాస్త వదులైనా తిరుగుతుంది. బండికి అలా కుదరదు, ఇరుసు బిగుతైతే చక్రం కదలదు, వదులైతే ఊగుతుంది, ఇరుసు సన్నగా చెక్కితే రాపిడి తగ్గుతుంది గానీ బరువుకి విరుగుతుంది. మంచి రాగి ఉలులు వచ్చేదాకా అంత నున్నగా చెక్కడం కష్టమై ఆగిందనే నాకనిపిస్తోంది.

నాకు అర్థం కానిది ఇది: స్లొవేనియాలో లుబ్లియానా దగ్గర బురదనేలలో దొరికిన, 5,000 ఏళ్ళు దాటిన చక్రానికి చతురస్రపు రంధ్రం ఉంది, అంటే ఇరుసు కూడా చక్రంతోపాటే తిరిగేది. మరి మలుపులో రెండు చక్రాలూ ఒకే వేగంతో తిరిగితే ఒకటి నేల మీద ఈడ్చుకుపోదా? ఆ ఇరుసుని బండి కింద ఎలా పట్టి ఉంచేవాళ్ళు? వడ్రంగం తెలిసినవాళ్ళెవరైనా కాస్త చెప్పండి.