పచ్చళ్ల షాపు మస్కట్: చిన్న సైజులో కళ్లజోడు ఎలా నిలబెట్టాలి?

గుంటూరు బ్రాడీపేటలో ఒక పచ్చళ్ల షాపుకి మస్కట్ గీస్తున్నానండీ. ఓనర్ గారిచ్చిన ఫోటోలో గుండు, గుబురు మీసం, సన్న ఫ్రేమ్ కళ్లజోడు, భుజాన గళ్ల తువ్వాలు. ఫోటో మీదే గీస్తే బోర్డు సైజులో అచ్చం ఆయనే, కానీ సీసా మూత స్టిక్కర్ మీద ముఖం 12 మిల్లీమీటర్లే వస్తుంది, అక్కడ కళ్లజోడు గీత మాయం, మీసానికీ పెదవికీ మధ్య ఖాళీ ఇంకుతో పూడిపోయి ఒకటే నల్లమచ్చ. పెదవి, గళ్లు తీసేసి మీసాన్ని ఒకే నిండు ఆకారం చేస్తే నలుపు తెలుపులో బాగానే నిలిచింది (గళ్లు పోయాయని ఆయనకి కోపం, అది వేరే కథ).

చిక్కంతా కళ్లజోడుతోనే. ఫ్రేమ్ లావు చేస్తే లోపల కళ్లకి చోటుండట్లేదు, తీసేస్తే పోలికే పోతోంది. కళ్లు వదిలేసి, లావు ఫ్రేమ్ లోపల తెల్లగా ఉంచేస్తే సరిపోతుందా, లేక మూతకి మీసం, కళ్లజోడు మాత్రమే ఉన్న వేరే బొమ్మ చేయాలా? స్టిక్కర్లు చేసినవాళ్లెవరైనా చెప్పండి.