మామగారు అరబ్బీలో ఎవరవుతారు?

అంబత్తూరు ఆడపడుచు:
రెండు నెలల కిందట మా నాన్నగారు పోయారు. మా వదిన సౌదీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. సెలవు చీటీ ఇంగ్లీషులో రాసి వాట్సాప్‌లో పంపి, అరబ్బీలో పెట్టించి ఇమ్మంది. అక్కడ సెలవులు చూసే ఆయనకు ఇంగ్లీషు అంతంతమాత్రమట. ఇక్కడే ఒక టైపింగ్ షాపులో ఇచ్చాను. ఇంగ్లీషులో ఉన్నది ఇంతే: "మై ఫాదర్ ఇన్ లా ఎక్స్‌పైర్డ్ ఆన్ వెన్స్‌డే నైట్. కైండ్లీ గ్రాంట్ మీ ఎమర్జెన్సీ లీవ్ ఫర్ ఫిఫ్టీన్ డేస్ అండ్ డూ ద నీడ్‌ఫుల్."

గురువారం సాయంత్రం పంపాం. శుక్ర, శనివారాలు వాళ్ళకు సెలవు. ఆదివారం చూసి తిప్పి పంపారు. "ఈయన మీకు బాబాయి అంటున్నారు, మరి మీ ఇంటిపేరు వేరు, ఆయన ఇంటిపేరు వేరు, ఎలా?" అని అడిగారట. మామగారిని బాబాయి ఎవరు చేశారో నాకు అర్థం కాలేదు. షాపతను చదివి వినిపించినప్పుడు నా చెవిన పడింది 'అమ్మీ' అన్న మాట ఒక్కటే. నాన్న పోతే అమ్మ పోయిందని రాశాడేమోనని గుండె ఝల్లుమంది. పేర్లు చెరిపి ఆ కాగితం ఫోటో పెడుతున్నాను. సెలవు గొడవ అప్పుడే తేలిపోయింది, ఇప్పుడు నాకు మాట సంగతే కావాలి.

పెరంబూరు మాస్టారు:
అమ్మా, నాన్నగారి సంగతి విని బాధ కలిగింది. నేను రిటైరయ్యాక సరదాకి రెండేళ్ళు అరబ్బీ నేర్చుకున్నాను. మామగారికి అరబ్బీలో చక్కటి మాట ఉంది, 'హమ్'. వ్యాకరణంలో ఐదు నామాలని ప్రత్యేకంగా చెబుతారు, తండ్రి, సోదరుడు వగైరా, అందులో ఇదొకటి. విభక్తిని బట్టి హమూ, హమా, హమీ అని రూపం మారుతుంది. అది వదిలేసి 'అమ్మ్' అని రాసినవాడికి అరబ్బీ రాదని నా అభిప్రాయం.

తిరువల్లిక్కేణి మునిషి:
మాస్టారూ, మీరు చెప్పిన మాట ఉంది, వ్యాకరణమూ సరే. ఈజిప్టు వాళ్ళు ఈనాటికీ మామగారిని 'హమాయ' అంటారు. కానీ ఆ షాపతనికి అరబ్బీ రాదనలేం. గల్ఫ్‌లో కోడలు మామగారిని 'అమ్మీ' అనే పిలుస్తుంది, 'నా అమ్మ్' అని. అతను ఇంట్లో పిలిచే మాటను తెచ్చి అర్జీలో పెట్టాడు, తప్పు అక్కడ. అమ్మ్ అంటే అసలు అర్థం తండ్రి సోదరుడు, మన బాబాయో పెదనాన్నో. కాగితం మీద ఆ మాట కనిపిస్తే గుమాస్తా అసలు అర్థమే తీసుకుంటాడు. తండ్రి సోదరుడంటే తాత పేరు, ఇంటిపేరు కలవాలి కదా. అవి కలవలేదు, అడిగాడు. ఆయన అడగడంలో తప్పు లేదు.

అర్జీలో రాయాల్సింది 'వాలిద్ జౌజీ'. నా భర్త తండ్రి, అంతే. అందం ఉండదు, సందేహమూ ఉండదు. పక్కనే భర్త పేరు రాస్తే ఇంకా మంచిది. మీ వదిన పాస్‌పోర్టు చివరి పేజీలో భర్త పేరు ఉంటుంది, మీ అన్న పాస్‌పోర్టులో తండ్రి పేరు ఉంటుంది, ఆ పేరే మరణ ధ్రువపత్రంలో ఉంటుంది. గుమాస్తా వేలు పెట్టి మూడు కాగితాల మీద గీత గీసుకోవచ్చు.

ఇంకోటి. మీ ఫోటో మూడో వరుసలో 'ఇన్‌తహత్ సలాహియ్యతుహు' అని ఉంది. ఇక్కడ మాత్రం అతన్ని వెనకేసుకు రాలేను. అది మందు సీసాకి, వీసాకి, ఇఖామాకి వాడే మాట. "ఆయన గడువు తీరిపోయింది" అని రాశాడు.

అంబత్తూరు ఆడపడుచు:
అయ్యో. వదిన రోజంతా మందుల డేట్లు చూసే మనిషి. ఆ మాట తన చీటీలోనే ఉందని ఆమెకు నేను చెప్పను.

కొళత్తూరు తమ్ముడు:
అక్కా, ఇంత గొడవ దేనికి? ఇన్ లా తీసేసి ఫాదర్ అని పెట్టేస్తే పోయేది. మా బావ కువైట్‌లో డ్రైవరు, ఆయనకి సెలవు అడిగితే మూడు నెలలు తిప్పుతున్నారు. అరబ్బీలో రాసిస్తే త్వరగా ఇస్తారా? మునిషి గారూ, ఒక పేజీకి ఎంత తీసుకుంటారు?

వేళచ్చేరి సిస్టర్:
తమ్ముడూ, కువైట్ చట్టం వేరు, మీ బావ సంగతి విడిగా అడుగు. ఫాదర్ అని పెట్టమని మాత్రం ఎవరికీ చెప్పకు. రియాద్‌లో తొమ్మిదేళ్ళు వార్డు చూసి వచ్చినదాన్ని, చెబుతున్నా విను. సౌదీ కార్మిక చట్టంలో 113వ అధికరణం ప్రకారం భర్తో భార్యో పోయినా, ఉసూల్‌లో గానీ ఫురూలో గానీ ఎవరైనా పోయినా జీతంతో 5 రోజులు ఇస్తారు. ఉసూల్ అంటే వేళ్ళు, ఫురూ అంటే కొమ్మలు. అమ్మానాన్నలు, తాతలు వేళ్ళు. పిల్లలు, మనవలు కొమ్మలు. మామగారు ఈ చెట్టులో లేరు. బాబాయీ లేడు, మేనమామా లేడు. ఇన్ లా కొట్టేసి ఫాదర్ అని పెడితే ఆ 5 రోజులు అడిగినట్టే. పాస్‌పోర్టులో నాన్న పేరొకటి, ధ్రువపత్రంలో పేరొకటి. సెలవు మాట దేవుడెరుగు, అబద్ధపు కాగితం పెట్టిందన్న పేరు వస్తుంది.

ఆమెకు 15 రోజులు వచ్చాయంటే ఏడాది సెలవులోంచి కోసి ఉంటారు. మొదట్లో 21 రోజులు, ఒకే యజమాని దగ్గర ఐదేళ్ళు దాటితే 30. అవునా?

అంబత్తూరు ఆడపడుచు:
అవునండీ, 21లోంచే తీశారు. సోమవారం చీటీ మార్చి పంపాం, మంగళవారం ఒప్పుకున్నారు. గురువారం రాత్రి చెన్నైలో దిగింది. పదకొండో రోజు కార్యానికి అందింది గానీ ఆఖరి చూపు దక్కలేదు.

ఇంకో సంగతి చెప్పడం మరిచాను. వదిన మా మేనత్త కూతురే. నాన్న ఆమెకు మామగారు అయ్యేముందు మేనమామ. చిన్నప్పటి నుంచీ 'మామయ్యా' అనే పిలిచింది, పెళ్ళయ్యాక కూడా ఆ పిలుపు మార్చలేదు.

పెరంబూరు మాస్టారు:
అలా చెప్పండి! అయితే రాయాల్సిన మాట 'ఖాల్'. తల్లి సోదరుడు. ఇంగ్లీషులో అన్నీ అంకులే, ఈ తేడా అందులో చచ్చిపోతుంది. అరబ్బీలో మనలాగే విడివిడిగా ఉన్నాయి. మేనమామ 'ఖాల్', బాబాయి 'అమ్మ్', మేనత్త 'అమ్మ', పిన్ని 'ఖాల'. తెలుగు నుంచి తిన్నగా అరబ్బీకి పోయి ఉంటే ఒక్క చుట్టమూ తప్పిపోయేవాడు కాదు. మధ్యలో ఇంగ్లీషు రేవు దగ్గర దించారు, అక్కడ పోయింది.

తిరువల్లిక్కేణి మునిషి:
అక్షరాలా నిజం మాస్టారూ, కానీ అర్జీలో ఖాల్ రాస్తే మళ్ళీ అదే చిక్కు. ఖాల్ అని రుజువు చేయాలంటే వదిన తల్లి పుట్టింటి కాగితాలు కావాలి. భర్త తండ్రి అనడానికి కాగితాలు చేతిలో ఉన్నాయి.

నాకు ఇందులో ముచ్చటగా కనిపించేది వేరు. మనకు మేనరికం ఉంది కాబట్టి తల్లి సోదరుడూ మామే, భర్త తండ్రీ మామే. అరబ్బులలో బాబాయి కొడుకుని చేసుకోవడం పాత ఆచారం, కాబట్టి తండ్రి సోదరుడూ 'అమ్మ్', భర్త తండ్రీ 'అమ్మ్'. మనకు బాబాయి కొడుకు అన్నో తమ్ముడో అవుతాడు, ఆ పెళ్ళి ఊహించలేం. ఎవరి పెళ్ళి ఆనవాయితీ వాళ్ళ పిలుపులో దాక్కుంది. ఆ గుమాస్తాకి మామగారంటే అమ్మ్, మీకు మామగారంటే ఖాల్.

వేళచ్చేరి సిస్టర్:
అది మీరు పుస్తకాల్లోంచి చెబుతున్నట్టుంది. నేను చూసినంతలో అక్కడ పిల్లలు ముసలాయన ఎవరైనా 'అమ్మో' అనే పిలుస్తారు, వార్డు బాయ్‌ని కూడా. మనం బజార్లో ముక్కూ మొహం తెలియని వాళ్ళని బాబాయ్ అనమా? మామగారిని అమ్మీ అనడం ఆ మర్యాద కావచ్చు. పెళ్ళిళ్ళతో ముడిపెట్టక్కర్లేదు.

తిరువల్లిక్కేణి మునిషి:
కావచ్చు. రెండూ కలిసే ఉండవచ్చు. నేను పట్టుబట్టను.

వేళచ్చేరి సిస్టర్:
నేనైతే వాలిద్ జౌజీ రాసి, పక్కన "మా ఖాల్ కూడా" అని ఒక్క ముక్క చేర్చేదాన్ని. అక్కడ 'అల్ ఖాల్ వాలిద్' అని సామెత, మేనమామ తండ్రితో సమానమని. చట్టం ఇవ్వకపోయినా చదివినవాడి మనసు కదులుతుంది.

తిరువల్లిక్కేణి మునిషి:
నేను చేర్చను. ఒకే మనిషికి రెండు చుట్టరికాలు కనిపిస్తే కదిలేది మనసు కాదు, అనుమానం.

పెరంబూరు మాస్టారు:
సరే, ఆ ఎక్స్‌పైర్డ్ బదులు ఏం రాయాలో చెప్పలేదు.

తిరువల్లిక్కేణి మునిషి:
'తువుఫ్ఫియ'. కర్మణి ప్రయోగం. తిరిగి పూర్తిగా తీసుకోబడ్డాడు అని లోపలి అర్థం, తీసుకున్నది దేవుడు. పోయినవాడు 'ముతవఫ్ఫా'. చివర దీర్ఘం మార్చి 'ముతవఫ్ఫీ' అంటే తీసుకునేవాడు. శవం వెంట వెళ్తూ ఒకడు "ముతవఫ్ఫీ ఎవరు?" అని అడిగితే పక్కవాడు "దేవుడు" అన్నాడని పాత కథ ఒకటి పాఠం చెప్పేటప్పుడు వాడతారు. మనం 'కాలం చేశారు' అంటాం చూడండి, అక్కడ పోయినాయనే కర్త.

అంబత్తూరు ఆడపడుచు:
వదిన మొదట "స్లెప్ట్ ఇన్ ద లార్డ్" అని రాసింది, మేం క్రైస్తవులం. ప్రభువునందు నిద్రించారు అనే కదా అంటాం. నేనే కొట్టేసి ఎక్స్‌పైర్డ్ అని పెట్టాను, ఆఫీసు భాష అనుకుని.

తిరువల్లిక్కేణి మునిషి:
అరబ్ క్రైస్తవులూ 'రకద' అంటారు, నిద్రించాడనే. అయినా ఆఫీసుకి తువుఫ్ఫియ చాలు. ఇక డూ ద నీడ్‌ఫుల్ అన్నదానికి షాపతను "అవసరమైనది చేయండి" అని ఆజ్ఞలా పెట్టాడు. 'అర్జూ అల్‌తకర్రుమ్ బిల్‌మువాఫక' అనాలి, దయచేసి అంగీకరించవలసిందిగా కోరుతున్నాను అని. మిగతాదంతా బాగానే ఉంది.

కొళత్తూరు తమ్ముడు:
నా ప్రశ్నకి ఎవరూ జవాబు చెప్పలేదు. పోనీ ఇది చెప్పండి. మా అక్క కూడా అక్కడే నర్సు. తోడికోడలికి కాన్పు, వెళ్ళాలంటోంది. ఇంగ్లీషులో కో సిస్టర్ అని రాసింది. అరబ్బీలో దానికి మాట ఉందా?

తిరువల్లిక్కేణి మునిషి:
ఉంది, 'సిల్ఫ'. అచ్చంగా తోడికోడలే, ఇంగ్లీషులో లేని మాట. తోడల్లుడికీ ఉంది, 'అదీల్'. కానీ అర్జీలో సిల్ఫ రాయొద్దని చెప్పు తమ్ముడూ, భర్త సోదరుడి భార్య అని విడమరిచి రాయమను. అచ్చులు పెట్టకుండా రాస్తారు కదా, అవే అక్షరాలు 'సుల్ఫ' అని కూడా చదవొచ్చు. సుల్ఫ అంటే జీతం మీద అడ్వాన్సు.

కొళత్తూరు తమ్ముడు:
అడ్వాన్సు కూడా కావాలనే అంటోంది అన్నా.