వీపు మీద వాసనొచ్చే గడ్డ: పిండెయ్యాలా, కోయించాలా, ఆగాలా?

నైట్ షిఫ్ట్:
వీపు మీద, రెండు భుజాల మధ్య గోలీకాయంత గడ్డ ఏళ్ల తరబడి ఉంది. మధ్యలో నల్ల చుక్క. అప్పుడప్పుడు నొక్కితే తెల్లటి ముద్ద వచ్చేది, ముక్కు మూసుకోవాల్సిన వాసన. నాలుగైదు రోజులుగా నిమ్మకాయంత వాచి ఎర్రబడింది, కుర్చీకి ఆనుకోలేకపోతున్నాను. ఎపిడెర్మాయిడ్ సిస్ట్ అన్నారు స్కిన్ డాక్టర్. నొప్పి మాత్రలు రాసి రెండు రోజులాగి రమ్మన్నారు. రూమ్మేట్ ఇప్పుడే పిండేస్తానంటున్నాడు. ఏం చెయ్యమంటారు?

బుల్లెట్ బాబు:
పిండించుకో బ్రో. నాకు మెడ వెనక ఇలాంటిదే ఉంది. వేడినీళ్ల స్నానం చేసి రెండు బొటనవేళ్లతో నొక్కితే కొవ్వంతా వచ్చేస్తుంది, ప్రాణం హాయిగా ఉంటుంది. రెండు మూడు నెలలకోసారి నిండుతుంది, మళ్లీ నొక్కుతా. ఇంత చిన్నదానికి ఆపరేషన్ అంటే నవ్వొస్తుంది.

పాత సర్జన్:
బాబు గారూ, రెండు మూడు నెలలకోసారి నిండుతోందంటే గడ్డ ఎక్కడికీ పోలేదన్నమాటే కదా. మీరు తీస్తున్నది లోపలి సరుకు, దాన్ని తయారుచేసే సంచి అలాగే ఉంది.

ఆ సరుకు కొవ్వు కాదు. మన చర్మం పైపొర ఎప్పుడూ రాలుతూనే ఉంటుంది, ఒళ్లు రుద్దుకుంటే మట్టిలా వచ్చేదాంట్లో చాలా భాగం అదే. ఆ పైపొర కణాలు కొన్ని లోపల చిక్కుకుని చిన్న సంచి కడితే, అవి రాల్చేది బయటికి పోయే దారిలేక లోపలే పేరుకుంటుంది. గోళ్లలో, జుట్టులో ఉండే కెరటిన్ లాంటిదే అది. గాలాడని చోట చెమ్మలో మగ్గి, చర్మం మీదుండే మామూలు సూక్ష్మజీవులు కూడా చేరేసరికి ఆ వాసన వస్తుంది. వాపు, నొప్పి ఏమీ లేని సిస్టు కూడా కంపు కొడుతుంది కాబట్టి వాసన వచ్చినంత మాత్రాన చీము పట్టిందని టెన్షన్ పడక్కర్లేదు.

ఇక పిండడం సంగతి. ఆ నల్ల చుక్కే దానికున్న ఒకే ఒక్క ద్వారం, అదీ సూదిమొనంత. సంచి గోడేమో చాలా పల్చన. మూత బిగించిన పేస్టు ట్యూబును గట్టిగా నలిపితే ఏం జరుగుతుందో ఇక్కడా అదే జరుగుతుంది: బలహీనంగా ఉన్న చోట గోడ చిట్లి, సరుకులో సగం చర్మం లోపలికే పోతుంది. సంచిలో ఉన్నంతకాలం కెరటిన్‌ను శరీరం పట్టించుకోదు. బయటపడిందంటే ముల్లు గుచ్చుకున్నప్పటిలా దాని మీద పడుతుంది. ఒకటి రెండు రోజుల్లో ఎరుపు, వేడి, సలుపు. అడిగినవారికి ఇప్పుడున్నది చాలావరకు ఇదే అయ్యుంటుంది. మీ మెడది ఇంతవరకూ లోపలికి చిట్లలేదు, అదృష్టం.

మందుల కొట్టు:
ముప్పై ఏళ్లుగా కౌంటర్లో ఉన్నాను. ఎర్రబడిందంటే ఇన్ఫెక్షనే. అయిదు రోజులు యాంటీబయాటిక్ వాడితే చాలామందికి తగ్గింది. డాక్టర్ గారు అది రాయలేదంటే నాకు వింతగానే ఉంది.

పాత సర్జన్:
తగ్గిన మాట నిజమే. కానీ మందు వల్లే తగ్గిందా, దానంతటదే చల్లారిందా? ఇలా వాచిన వాటిలోంచి నమూనా తీసి కల్చర్‌కు, అంటే సూక్ష్మజీవులు పెరుగుతాయేమో చూసే ల్యాబ్ పరీక్షకు పంపితే చాలాసార్లు ఏమీ పెరగదు, లేదా చర్మం మీద మామూలుగా ఉండేవే పెరుగుతాయి. కెరటిన్ మీద శరీరం చేసే గొడవకు యాంటీబయాటిక్ ఏం చేస్తుంది? గడ్డ దాటి చుట్టూ ఎరుపు పాకుతుంటే, జ్వరం, చలి ఉంటే, షుగర్ అదుపులో లేకపోతే, అప్పుడు నేనూ రాస్తాను. లోపల చీము గుంట కట్టాక మాత్రం మాత్ర ఒక్కటే సరిపోదు, దారి చేసి బయటికి పంపాలి.

మందుల కొట్టు:
షుగర్ వాళ్ల విషయంలో ఒప్పుకుంటాను. మిగతావాళ్లు కౌంటర్ దగ్గర నిలబడి మందు ఇవ్వందే కదలరు, అదీ సంగతి.

గుంటూరు కోడలు:
మా ఆయనకు మోచేతి పైన ఇలాంటి గడ్డే ఉందండీ. మెత్తగా వేలికింద జారుతుంది, నొప్పి లేదు, వాసన లేదు, చుక్కా లేదు. దీన్ని కూడా కోసి చీము తీయించెయ్యాలా? మా అత్తగారు తమలపాకుకు ఆముదం రాసి వెచ్చచేసి కట్టమంటున్నారు.

పాత సర్జన్:
అమ్మా, మీరు చెప్పేది అది కాదనిపిస్తోంది. చుక్క లేకుండా మెత్తగా జారుతుంటే కొవ్వు గడ్డ కావచ్చు, దాంట్లో తీయడానికి చీము ఉండదు. ఒకసారి చూపించండి. పెరగకుండా, ఇబ్బంది పెట్టకుండా ఉంటే సాధారణంగా వదిలేస్తాం. అత్తగారి వైద్యంలో వెచ్చదనం మంచిదే. వాచిన సిస్టుకు గోరువెచ్చని నీళ్లలో ముంచి పిండిన గుడ్డ పది, పదిహేను నిమిషాల చొప్పున రోజుకు మూడు నాలుగు సార్లు పెట్టమని మేమూ చెబుతాం. చర్మం చిట్లిన చోట మాత్రం ఆకులూ, పసర్లూ వద్దు.

డల్లాస్ నుంచి:
నాకు దవడ కింద వాచినప్పుడు ఇక్కడి డెర్మటాలజిస్ట్ కత్తి పెట్టలేదు, పిండలేదు. గడ్డలోకి కొద్దిగా స్టెరాయిడ్ ఇంజెక్షన్ ఇచ్చారు, కొద్ది రోజుల్లో అణిగింది. అడిగిన తమ్ముడికి ఎవరూ ఆ మాటే చెప్పలేదేం?

పాత సర్జన్:
మంచి పద్ధతే. చీము లేదని నమ్మకం కుదిరితేనే. చీమున్న చోట స్టెరాయిడ్ ఇస్తే మంట మీద కిరసనాయిలు పోసినట్టే. అందుకే ముందు చేత్తో చూడాలి. రెండు వేళ్లు గడ్డకు అటూ ఇటూ ఆన్చి, ఒక వేలితో మెల్లగా నొక్కితే రెండో వేలు లేచినట్టు తెలుస్తుంది. అలా తెలిస్తే లోపల ద్రవం ఉన్నట్టు. గట్టిగా, ఎర్రగా, రాయిలా ఉంటే ఇంకా సమయం కాలేదు, అప్పుడు కోస్తే రక్తమే తప్ప ఏమీ రాదు. స్కిన్ డాక్టర్ రెండు రోజులాగి రమ్మన్నది దీనికే అనుకుంటున్నాను.

నైట్ షిఫ్ట్:
మొన్నటిదాకా గట్టిగానే ఉంది సార్. ఇవాళ మధ్యలో మెత్తబడింది, చర్మం నిగనిగలాడుతోంది. జ్వరం లేదు. ఇప్పుడు వెళ్తే ఏం చేస్తారు? చాలా నొప్పా?

పాత సర్జన్:
వెళ్లండి, ఇవాళే వెళ్లండి. ఈ మధ్య నా దగ్గరికి ఒక ఆటో డ్రైవర్ వచ్చాడు. మెడ వెనక మీలాంటిదే, ఇంట్లోవాళ్లు పిండితే రెండింతలైంది. ఎందుకైనా మంచిదని షుగర్ చూస్తే 280. తనకు షుగర్ ఉందని ఆయనకు అప్పటిదాకా తెలియదు.

చుట్టూ మత్తు సూది ఇచ్చాం. వాచిన చోట మత్తు సరిగా పట్టదు, నిజం చెప్పాలి. అందుకే గడ్డ లోపలికి కాకుండా చుట్టూ మంచి చర్మంలో ఇచ్చి, కొన్ని నిమిషాలు ఆగాలి. మెత్తబడిన చోట చిన్న గాటు పెడితే ముందు చీము, దాని వెనకే జున్ను తునకల్లా తెల్లటి పొరలు. గదిలో ఉన్న హౌస్‌సర్జన్ కిటికీ వైపు తిరిగిపోయాడు. లోపల అరలుంటే విడదీసి, సెలైన్‌తో కడిగి, గాటు మూసుకోకుండా పల్చగా గాజుగుడ్డ పెట్టాం. కుట్లు వెయ్యలేదు. వేస్తే మళ్లీ లోపలే నిండుతుంది. అడుగునుంచి మానుతూ రావాలి. డ్రెస్సింగులు, షుగర్ మందులు. ఆ సాయంత్రమే సలుపు తగ్గిందన్నాడు.

ఇది సగం పనే. సంచి ముక్కలు లోపల మిగిలే ఉంటాయి. వాపు పూర్తిగా చల్లారాక, సుమారు నెల, నెలన్నరకు రమ్మన్నాను. వచ్చాడు. శనగగింజంత గట్టితనం మిగిలింది. నల్ల చుక్కతో సహా కంటి ఆకారంలో చర్మం కోసి, సంచిని మొత్తం తీశాం. అంతకుముందు పిండినందుకు చుట్టూ మచ్చకణజాలం అతుక్కుని, పది నిమిషాల పని కాస్తా సాగింది. తీసినదాన్ని బయాప్సీకి పంపాం. వాటిలో క్యాన్సర్ చాలా చాలా అరుదు, అయినా పంపడం మంచిది.

పీజీ రెసిడెంట్:
సార్, ఒక్క సందేహం. మా యూనిట్లో మరీ పెద్ద చీము లేకపోతే వాపు ఉన్నప్పుడే సంచితో సహా తీసేస్తున్నారు. పేషెంటు రెండోసారి రావక్కర్లేదు. చాలామంది నొప్పి తగ్గాక తిరిగి రారు కూడా. అలాంటప్పుడు రెండు విడతలు ఎందుకు?

పాత సర్జన్:
రారన్నది నిజం, కాదనను. కానీ వాచిన కణజాలంలో సంచి గోడ తడిసిన కాగితంలా చేతికొస్తుంది, ఎక్కడ మొదలై ఎక్కడ అయిపోయిందో తెలియదు. మిగిలిన చిన్న ముక్క చాలు మళ్లీ రావడానికి. కుట్లు వేసిన గాయం పగిలే భయమూ ఉంది. మీ యూనిట్ చేతులు మంచివైతే చెయ్యండి, నేను మాత్రం ఆగుతాను.

పీజీ రెసిడెంట్:
మా దగ్గర తిరగబెట్టినవి తక్కువే సార్. అయితే మేము ఎక్కువ రోజులు ఫాలో అప్ చెయ్యలేదు, అది ఒప్పుకోవాలి.

బుల్లెట్ బాబు:
సరే సార్, నాది వాచలేదు, నొప్పి లేదు. నేను కూడా తీయించాలా?

పాత సర్జన్:
తప్పనిసరేమీ కాదు. నొప్పి లేదు, పెరగడం లేదు, హెల్మెట్ బెల్టు ఒరుసుకోవడం లేదంటే వదిలెయ్యండి. తీయించాలనుకుంటే మాత్రం ఇలా ప్రశాంతంగా ఉన్నప్పుడే. సంచి మొత్తంగా వస్తుంది, మచ్చ చిన్నది. అప్పటిదాకా వేళ్లు దూరంగా పెట్టండి.

నైట్ షిఫ్ట్:
వెళ్లొచ్చాను. గాటు పెట్టి తీశారు. సూది దగ్గర గట్టిగా కేక వేశాను, ఆ తర్వాత పెద్దగా తెలియలేదు. వాసనకు డాక్టర్ గారే మాస్కు మీద మాస్కు పెట్టుకున్నారు. షుగర్ మామూలుగానే ఉంది. రేపు డ్రెస్సింగ్ మార్పించుకోమన్నారు. రూమ్మేట్‌ని చెయ్యమంటే ఇప్పుడు వెనకాడుతున్నాడు.

గుంటూరు కోడలు:
బాబూ, గాజుగుడ్డ తీసేటప్పుడు అంటుకుపోతే లాగకండి, సెలైన్‌తో తడిపి తియ్యమనండి. మా ఆయనకు వేరే గాయానికి నర్సమ్మ అలాగే చేసింది.

నైట్ షిఫ్ట్:
థాంక్సండీ. నెలన్నర తర్వాత సంచి తీయించడానికి సెలవు పెట్టాలి, మేనేజర్‌కు ఏం చెప్పాలో చూడాలి.