కొర్లగుంట వీధి తారు రోడ్డులో ప్లాస్టిక్ కలుపుతారంట, ప్లాంటు దగ్గర ఏం చూసుకోవాలి?

కొర్లగుంట వీధి సంఘం
మా వీధి 300 మీటర్ల పొడవు, 3.75 మీటర్ల వెడల్పు. పైన 30 మిల్లీమీటర్ల తారు పొర వేస్తారు. తురిమిన ప్లాస్టిక్ 8 శాతం కలుపుతామని కాంట్రాక్టర్ చెప్పినాడు. ఆ 8 శాతం దేంట్లో? మా బాధంతా నవంబరు వానలే. నీళ్లు నిలబడిన చోట కంకర ఊడి వచ్చేస్తోంది. ప్లాస్టిక్ వేస్తే ఆగుతుందా? లోడు బయలుదేరే ముందు మాలో ఇద్దరం ప్లాంటు దగ్గరికి పోతాం, ఏం చూడాలో చెప్పండి.

రోలర్ రమణ
అన్నా, భయపడొద్దు, మంచిదే. ప్లాస్టిక్ తారులో కరిగిపోయి జిగురు పెరుగుతుంది, ఇంక గుంతలు రావు. కవర్లు, నీళ్ల బాటిళ్లు, పైపు ముక్కలు ఏవైనా పర్లేదు, అన్నీ కరిగేవే.

నాణ్యత విభాగం, చిత్తూరు
రమణ గారూ, రోడ్డుకు మంచిదే అన్నంతవరకు సరే. తక్కింది సరిచేయాలి. ఇక్కడ వాడేది పొడి పద్ధతి. మధురై త్యాగరాజర్ ఇంజనీరింగ్ కాలేజీలో ఆర్. వాసుదేవన్ గారు తీర్చిదిద్దినది, ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ ఎస్పీ 98 చెప్పేదీ ఇదే. ఇందులో ప్లాస్టిక్‌ను తారులో కలపరు. ముందు వేడి కంకర మీద చల్లుతారు, అది కరిగి రాయికి పల్చటి పూతలా పట్టుకుంటుంది, ఆ తర్వాతే తారు పోస్తారు.

మన జిల్లాలకు ఇది పనికొచ్చే కారణం రాయే. చిత్తూరు, తిరుపతి క్రషర్లలో ఎక్కువ గ్రానైట్ జాతి కంకరే వస్తుంది. సిలికా ఎక్కువున్న ఆ రాయికి తారు కంటే నీళ్లంటేనే ఇష్టం. నీళ్లు నిలబడితే రాయికీ తారుకూ మధ్య దూరి పొరను విడదీస్తాయి. మీ వీధిలో కంకర ఊడి రావడంలో దానికీ పాత్ర ఉండొచ్చు. ప్లాస్టిక్ పూత రాయి నీళ్లు పీల్చకుండా చేసి తారును పట్టుకుంటుంది. ఐతే రోడ్డు కింద మట్టి మెత్తబడినా, పక్కన కాలువ లేకున్నా పైపొరలో ఏం కలిపినా లాభం లేదు. ముందు నీళ్లు పోయే దారి అడగండి.

ఇంక లెక్క. 300 × 3.75 × 0.03 అంటే 33.75 ఘనపు మీటర్లు. ఘనపు మీటరుకు 2.3 టన్నులు వేసుకుంటే సుమారు 78 టన్నుల మిక్స్. అందులో తారు 5 శాతం అనుకుంటే 3,900 కిలోలు. 8 శాతం అనేది ఈ తారు బరువులో, మొత్తం మిక్స్‌లో కాదు. అంటే 312 కిలోల ప్లాస్టిక్. మిక్స్‌లో 8 శాతం అనుకుంటే 6 టన్నులు దాటుతుంది, అలా ఎవరూ వేయరు. ఒక టన్ను బ్యాచ్‌కు 4 కిలోల తురుము. ఆ 4 కిలోలు తూకం వేసి ముందే సంచుల్లో కట్టిపెట్టినారా అని చూడండి. పారతో ఎత్తి పోస్తూ ఉంటే ఒక బ్యాచ్‌లో ఆరు కిలోలు, ఇంకో దాంట్లో రెండు పడతాయి.

రోలర్ రమణ
సరే సార్, పూతే అనుకుందాం. బాటిళ్లు పనికిరావా? మా ప్లాంటులో తురుములో అవీ కనిపిస్తాయి.

నాణ్యత విభాగం, చిత్తూరు
కంకర 160, 170 డిగ్రీల మధ్య ఉంటుంది. పల్చటి కవర్ల పాలిథిన్ 110 డిగ్రీల దగ్గర, గట్టి రకం 130 దగ్గర కరుగుతాయి, పాలీప్రొపిలీన్ 160 దాటాలి. బాటిల్ ప్లాస్టిక్ కరగాలంటే 250 కావాలి. అది కరగకుండా చిప్స్ లాగా మిక్స్‌లో ఉండిపోతుంది, రాయికి పూత పట్టదు. పైపు ముక్కలు అంటే పీవీసీ, అవి అసలు వద్దు. ఈ వేడికే హైడ్రోక్లోరిక్ ఆమ్లం ఆవిరి వదలడం మొదలుపెడతాయి, ప్లాంటులో పనిచేసేవాళ్ల కళ్లు, గొంతు మండుతాయి.

తూకివాకం వైపు పనిచేసే
చెత్త వేరుచేసే దగ్గర ఉంటాను కాబట్టి ఒక మాట. అన్నిటినీ కంటితో గుర్తుపట్టడం అయ్యే పని కాదు. బకెట్ నీళ్లలో రెండు చుక్కల సబ్బు వేసి, గుప్పెడు తురుము వేసి కర్రతో బాగా తిప్పండి. సబ్బు లేకుంటే గాలి బుడగలు పట్టుకొని అన్నీ తేలుతాయి. పాలిథిన్, పాలీప్రొపిలీన్ తేలతాయి. పీవీసీ, బాటిల్ ప్లాస్టిక్ మునుగుతాయి. అడుగున గట్టిగా చేరితే ఆ లోడు వెనక్కి పంపమనండి. మిలమిల మెరిసే చిప్స్ ప్యాకెట్ల రేకు తేలినా, దాన్ని చూసి మురిసిపోవద్దు, వేరుగా తీయించండి. తురుము పొడిగా ఉండాలి. వానలో తడిస్తే వేడి కంకర మీద ఆవిరై పూత అతకదు. మట్టి కూడా అంతే, 1 శాతం దాటకూడదు. ముక్కలు 2, 3 మిల్లీమీటర్లే ఉండాలి.

పలమనేరు లక్ష్మీదేవి
అన్నయ్యా, మా ఇంటి ముందు సిమెంటు రోడ్డు వేసుకుంటున్నాం. ఆ కాంక్రీటులో ఈ తురుము కలిపితే పగుళ్లు తగ్గుతాయా?

నాణ్యత విభాగం, చిత్తూరు
లక్ష్మీదేవమ్మా, అది వేరే సంగతి. ఇక్కడ వేడి ఉంది కాబట్టి ప్లాస్టిక్ కరిగి పూతవుతుంది. సిమెంటులో వేడి లేదు, కవరు ముక్కలు అలాగే మధ్యలో ఉండి బలం తగ్గిస్తాయి. కలపొద్దు. పగుళ్లకు క్యూరింగ్ చూసుకోండి.

వీధి సంఘం వాళ్లకు ప్లాంటు దగ్గర పని: తారు పోయకముందు ఒక గరిటెడు కంకర బయటకు తీయించండి. ప్లాస్టిక్ పడ్డాక 30, 40 సెకన్లు తిరగాలి. రాయి అంతా నూనె రాసినట్టు సన్నగా మెరవాలి. తెల్లటి ముక్కలు అంటుకొని కనిపిస్తే వేడి చాలలేదు, లేదా తురుము పెద్దది. తారు పోశాక ప్లాస్టిక్ పడితే ఉండలు కడుతుంది. పొగ, కాలిన వాసన వస్తే మంట దగ్గర పడుతోంది. బ్యాచ్‌లు కాకుండా ఆగకుండా కలిపే డ్రమ్ ప్లాంటైతే తురుము మంటకు దూరంగా, మధ్యలో పడే ఏర్పాటుందా అడగండి. వీధిలో 130 డిగ్రీలకు తగ్గకుండా లోడు దింపాలి, 100కు దిగకముందే రోలింగ్ ముగించాలి.

కొర్లగుంట వీధి సంఘం
తారు 8 శాతం తగ్గుతుందని కాంట్రాక్టర్ అంటున్నాడు. నిజంగా తగ్గించొచ్చా?

రోలర్ రమణ
తగ్గించొచ్చు. టన్నుకు 50 బదులు 46 కిలోల తారు, 4 ప్లాస్టిక్.

నాణ్యత విభాగం, చిత్తూరు
ఈ పనికి ఏది ఎంత కలపాలో ముందే తేల్చి రాసే కాగితం జాబ్ మిక్స్. దాంట్లో మిక్స్ బలం చూసే మార్షల్ పరీక్ష ఒప్పుకుంటేనే. ఆ కాగితం చూడకుండా తగ్గించనివ్వకండి. ఇంకో చిక్కు కూడా ఉంది. మిక్స్‌లో తారు ఎంతుందో చూడటానికి ద్రావకంలో కడుగుతాం. తారు కరుగుతుంది, పాలిథిన్ పూత చాలావరకు రాయి మీదే ఉండిపోతుంది. వేసిన ప్లాస్టిక్ ఎంతో ఆ పరీక్ష తేల్చదు. అందుకే సంచుల లెక్క మీరే రాసుకోండి. 78 టన్నులకు సంచులు 78.

స్వర్ణముఖి ఒడ్డు
అంతా బాగుంది సార్. టైర్లు అరగదీసిన ప్లాస్టిక్ రేణువులు వానకు స్వర్ణముఖిలోకి పోవా? పదేళ్ల తర్వాత రోడ్డు పెళ్లగించితే ఆ ముక్కలు ఎక్కడ పడేస్తారు?

నాణ్యత విభాగం, చిత్తూరు
పూత తారు కింద ఉంటుంది కాబట్టి మొదట్లో తక్కువ పోవచ్చు. పైపొర అరిగాక రాయి బయటపడుతుంది, అప్పుడు పూత కూడా అరుగుతుంది. చెన్నైలో 2002 నాటి వీధి మన్నికను కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పరిశీలించి బాగుందనే చెప్పింది, ఐతే అది రోడ్డు మన్నిక మాట. నీళ్లలోకి పోయే రేణువుల సంగతి దాంతో తేలిపోదు. పెళ్లగించిన మిక్స్‌ను మళ్లీ వేడిచేసి వాడటంలో కూడా ప్లాస్టిక్ మళ్లీ ఎలా ప్రవర్తిస్తుందో ప్రతి లోడుకూ పరీక్షించాల్సిందే.

స్వర్ణముఖి ఒడ్డు
అంటే నది వైపు వీధుల్లో ఆగి ఆలోచించాలన్నది నా మాట.

తూకివాకం వైపు పనిచేసే
ఆ కవర్లు ఇప్పుడు కాలువల్లో పడే పోతున్నాయి కదా, దాంతో పోల్చి చూడాలి. నేను ఒప్పుకోను.

కొర్లగుంట వీధి సంఘం
బకెట్, సబ్బు, రాసుకునే పుస్తకం తీసుకొని పోతాం. జాబ్ మిక్స్ కాగితం ముందే ఇమ్మని అడిగినాం, ఇంకా ఇవ్వలేదు.

నాణ్యత విభాగం, చిత్తూరు
అది చేతికొచ్చేదాకా తారు 46కు తగ్గించడానికి ఒప్పుకోవద్దు.