అద్దె ఫ్లాట్‌లో టీవీ స్టాండు: స్విచ్‌బోర్డు నాలుగున్నర అడుగుల ఎత్తులో ఉంది, వైర్లు ఎలా దాచాలి?

సుధ_నిజాంపేట
అందరికీ నమస్తే. పోయిన నెల నిజాంపేటలో సింగిల్ బెడ్‌రూం ఫ్లాట్‌లోకి మారాం. గోడకి మేకు కొట్టొద్దు, డ్రిల్ అసలే వద్దని ఓనర్ గారు ముందే చెప్పేశారు. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్‌కి ఒక నెల అద్దె ఎలాగూ పట్టుకుంటారు, గోడ పాడైతే దానికి వేరేగా పట్టుకుంటారట.

మాది 43 అంగుళాల టీవీ. నాలుగడుగుల పొడవు, 20 అంగుళాల ఎత్తు ఉన్న చెక్క స్టాండు మీద పెట్టాను. ఆ గోడ మొత్తం పదడుగులు, స్టాండు సరిగ్గా మధ్యలో ఉంది. ఇబ్బంది ఏంటంటే, టీవీ గోడకి బిగించుకుంటారని బోర్డు నేల నుంచి నాలుగున్నర అడుగుల ఎత్తులో పెట్టారు, అదీ ఎడమ మూల నుంచి రెండున్నర అడుగుల దగ్గర. టీవీ వైరు, సెట్‌టాప్ బాక్సు అడాప్టరు వైరు, నెట్ బాక్సు వైరు, సౌండ్‌బార్ వైరు, నాలుగూ అక్కడి నుంచి బట్టలారేసే తీగల్లా వేలాడుతున్నాయి. ఫైబర్ కేబుల్ బాల్కనీ తలుపు మీదుగా కుడివైపు నుంచి వస్తుంది. ఏం చేయమంటారు?

వెంకట్73
ఎలక్ట్రీషియన్‌ని పిలిచి బోర్డు కిందకి దింపించుకోండి. గోడ కొంచెం గాడి కొట్టి పైపు దింపేస్తాడు, సగం రోజు పని. మా ఇంట్లో అలాగే చేయించాం, ఒక్క వైరు కూడా కనపడదు.

సుధ_నిజాంపేట
వెంకట్ గారూ, మాది అద్దె ఇల్లండీ. మేకే వద్దంటున్నారు, గాడి కొడితే మమ్మల్నే బయటికి పంపేస్తారు 🙂

మణి.కె
దీనికింత టెన్షన్ ఎందుకండీ? ఎలక్ట్రికల్ షాపులో తెల్ల పీవీసీ కేసింగ్ పట్టీ దొరుకుతుంది. వెనక డబుల్ సైడ్ టేపు వేసి గోడకి అంటించి, వైర్లన్నీ లోపల పెట్టి మూత నొక్కేయడమే. మేకు లేదు, డ్రిల్ లేదు. బోర్డు నుంచి స్టాండు దాకా ఏటవాలుగా ఒక పట్టీ వేస్తే సరిపోతుంది.

పాత_అద్దెదారు
మణి గారి మాట విని నేను చేసిన పని ఇది, అందుకే చెప్తున్నా. మూడేళ్ల కిందట ఆరడుగుల పట్టీ అంటించాను. ఉన్నన్నాళ్లూ బాగానే ఉంది. ఖాళీ చేసే రోజు పీకితే పెయింటు, దాని కింద లప్పం కలిసి అప్పడంలా ఊడొచ్చాయి. అడ్వాన్స్‌లో నాలుగు వేలు కోశారు. పట్టీ నూట ఇరవై రూపాయలు.

రమణ_వైరింగ్
పాతికేళ్లుగా వైరింగ్ పనిలోనే ఉన్నాను. సుధమ్మా, వైర్లు దాచడం తర్వాత చూద్దాం, ముందు స్టాండు జరుపు. గోడ మధ్యలో ఉండాలని రూలేం లేదు కదా.

నువ్వు ఇచ్చిన కొలతలు కాగితం మీద వేశాను. 43 అంగుళాల టీవీ అడ్డంగా మూడడుగుల రెండంగుళాలు ఉంటుంది. ఇప్పుడు మధ్యలో పెట్టావు కాబట్టి టీవీ ఎడమ అంచు మూల నుంచి మూడడుగుల ఐదంగుళాల దగ్గర ఉంది, బోర్డేమో రెండున్నర దగ్గర. అంటే టీవీ దాటి దాదాపు ఒక అడుగు బయట. అందుకే వైర్లు ఏటవాలుగా, ఖాళీ గోడ మీద పడుతున్నాయి. స్టాండుని అడుగున్నర ఎడమకి జరిపితే బోర్డు సరిగ్గా టీవీ ఎడమ భాగం మీదికి వస్తుంది.

ఇక ఎత్తు చూడు. స్టాండు 20 అంగుళాలు, టీవీ కాళ్లు రెండున్నర, టీవీ సుమారు 22. మొత్తం నలభై నాలుగున్నర అంగుళాలు. బోర్డు 54 అంగుళాల దగ్గర. అంటే పైన కనపడేది తొమ్మిది పది అంగుళాల ముక్క, అంతే. కింద ఉన్నదంతా టీవీ వెనకే పోతుంది, దాన్ని దాచాల్సిన పనే లేదు.

ఆ పది అంగుళాల్లో కూడా నాలుగు వైర్లు ఎందుకు? నాలుగు సాకెట్ల ఎక్స్‌టెన్షన్ బాక్సు ఒకటి, రెండు మీటర్ల వైరుది, మంచిది తీసుకో. దాని ప్లగ్గు బోర్డులో పెట్టి, బాక్సుని స్టాండు వెనక చెక్కకి స్క్రూలతో బిగించు. స్టాండు నీదే కదా, దానికి ఎన్ని స్క్రూలు కొట్టినా ఓనర్ అడగడు. టీవీ, సెట్‌టాప్, నెట్, సౌండ్‌బార్ అన్నీ అక్కడే గుచ్చేయి. గోడ మీద ఒక్క వైరే మిగులుతుంది.

మణి.కె
రమణ గారూ, నాలుగూ ఒకే బాక్సు మీద పెడితే లోడు ఎక్కువై కాలిపోదా?

రమణ_వైరింగ్
ఈ నాలుగూ కలిపినా రెండు వందల వాట్లు దాటడం కష్టం. 6 ఆంపియర్ల సాకెట్ పదమూడు వందల దాకా మోస్తుంది. లోడుతో భయం లేదు. కాలిపోయినవి నేను చూసినవన్నీ రెండు రకాలే: అదే బాక్సులో ఇస్త్రీ పెట్టె గుచ్చినవి, పిన్ను వదులుగా కూర్చుని లోపల నిప్పురవ్వలు లేచినవి. ప్లగ్గు వేలితో కదిపితే చిట్‌చిట్ మన్నా, చుట్టూ ప్లాస్టిక్ గోధుమరంగు తిరిగినా ఆ బాక్సు పారేయండి. ఒక ఎక్స్‌టెన్షన్‌లో ఇంకో ఎక్స్‌టెన్షన్ మాత్రం పెట్టొద్దు.

ఇంకోటి. బాక్సు నేల మీద పెట్టకండి. మన ఇళ్లలో రోజూ తడిబట్ట పెడతారు, మాపు నీళ్లు సాకెట్లోకి పోతాయి. నేల నుంచి కనీసం ఒక జానెడు పైన బిగించండి.

లక్ష్మి_అత్తాపూర్
మా బాబుకి ఏడాదిన్నర. వేలాడే వైరు కనపడితే చాలు, లాగుతాడు. పోయిన వారం సెట్‌టాప్ బాక్సు కింద పడేశాడు. వైర్లు దాచడం అందం కోసం కాదండీ మాకు. టీవీ స్టాండు మీద ఉంటే ముందుకి పడదా? దాని గురించి ఎవరూ మాట్లాడట్లేదు.

రమణ_వైరింగ్
మంచి మాట అడిగావమ్మా. టీవీ వెనక గోడ బ్రాకెట్టు కోసం నాలుగు స్క్రూ రంధ్రాలుంటాయి. పై రెంటికి సరైన సైజు స్క్రూలు వేసి, గట్టి నైలాన్ పట్టీతో స్టాండు వెనక చెక్కకి కట్టేయి. కానీ పిల్లాడు సొరుగు లాగి ఎక్కితే స్టాండే ముందుకు ఒరగొచ్చు. దాన్ని ఆపాలంటే గోడకే కట్టాలి, మేకు తప్పదు. ఆ ఒక్క మేకుకి ఓనర్‌ని అడగడమే మంచిది.

పాత_అద్దెదారు
ఆ పది అంగుళాల వైరుకి పట్టీ అంటించాలా, వదిలేయాలా? నాకు మాత్రం టేపు అంటేనే భయం.

రమణ_వైరింగ్
ముందు గోడని అరచేత్తో గట్టిగా రుద్ది చూడండి. చేతికి తెల్ల పొడి అంటితే అది మామూలు డిస్టెంపరు. దాని మీద ఏ టేపూ నిలవదు, వారంలో ఊడి కింద పడుతుంది. పొడి రాకుండా నున్నగా ఉంటే ఎమల్షన్. దాని మీద టేపు నిలుస్తుంది కానీ, మీకు జరిగినట్టు పీకేటప్పుడు లప్పంతో సహా వస్తుంది. టేపు పెయింటుని గట్టిగానే పట్టుకుంటుంది, పెయింటు కింద లప్పమే బలహీనం. తీయాల్సి వస్తే హెయిర్ డ్రయ్యర్‌తో రెండు నిమిషాలు వేడి చేసి, గట్టి దారాన్ని పట్టీ వెనక రంపంలా ఆడిస్తూ కోయాలి. ముందుకి గుంజకూడదు.

నన్నడిగితే పది అంగుళాలకి పట్టీ అక్కర్లేదు. తెల్ల వైరున్న ఎక్స్‌టెన్షన్ తీసుకుని తిన్నగా వేలాడదీస్తే తెల్ల గోడ మీద ఎవరికీ కనపడదు. మిగిలిన వైరు స్టాండు వెనక చుట్టి వెల్క్రో పట్టీతో కట్టండి. గట్టిగా బిగించొద్దు.

కిరణ్_నెట్
ఫైబర్ సంగతి నేను చెప్తా, ఇన్‌స్టలేషన్ పని చేసేవాణ్ని. అన్ని వైర్లతో పాటు ఫైబర్‌ని కూడా కట్టలో కట్టేస్తారు, అక్కడే చెడుతుంది. లోపల ఉండేది గాజు. దాన్ని మూల దగ్గర మడత పెడితే సిగ్నల్ పడిపోతుంది. టీ గ్లాసు మూతి కంటే చిన్న చుట్ట చుట్టకండి. నెట్ బాక్సు మీద ఎల్ఓఎస్ అని రాసిన లైటు ఎర్రగా వెలిగితే ముందు ఆ మడత చూసుకోండి, తర్వాత కంప్లయింట్ ఇవ్వండి. మాకు వచ్చే ఫోన్లలో చాలా ఇళ్లలో స్టాండు గోడకి నొక్కేసి ఉంటుంది. గోడకీ స్టాండుకీ మధ్య రెండు మూడు అంగుళాలు వదలండి.

సుధ గారికి కేబుల్ కుడి నుంచి వస్తుంది, స్టాండేమో ఎడమకి జరుపుతున్నారు. అంటే అడుగున్నర పొడవు తక్కువ పడొచ్చు. లాగి సరిపెట్టకండి. నెట్ బాక్సుని బాల్కనీ వైపే ఉంచేయడం మేలు.

మణి.కె
నెట్ బాక్సు, సెట్‌టాప్ రెండూ స్టాండు కింది అరలో తలుపేసి పెట్టేస్తే చక్కగా ఉంటుంది కదా.

కిరణ్_నెట్
చెక్క తలుపైతే వైఫై కొంచెం తగ్గుతుంది, ఇనుప తలుపైతే బెడ్‌రూంలో అసలు రాదు. సెట్‌టాప్‌కి వేడి బయటికి పోవాలి. అర వెనక చెక్క కోయకపోతే మధ్యాహ్నానికి చెయ్యి పెట్టలేరు. ఆ వెచ్చదనానికి బొద్దింకలు చేరడం మాత్రం గ్యారంటీ.

లక్ష్మి_అత్తాపూర్
బల్లి కూడా. మా దాంట్లోంచి వచ్చింది 😑

వెంకట్73
తలుపేస్తే రిమోట్ ఎలా పనిచేస్తుంది? మాది తలుపు తీసి నొక్కాలి ప్రతిసారీ.

రమణ_వైరింగ్
మామూలు రిమోట్‌కి బాక్సు కనపడాలి. బ్లూటూత్ రిమోట్ అయితే బాక్సు ఎక్కడున్నా ఫర్వాలేదు. టీవీ సెట్టింగ్స్‌లో హెచ్‌డీఎంఐ కంట్రోల్ లాంటిది ఆన్ చేస్తే కొన్ని బాక్సులు టీవీ రిమోట్‌తోనే నడుస్తాయి. అన్నీ కాదు.

పాత_అద్దెదారు
కరెంటు వైరూ కేబుల్ టీవీ వైరూ కలిపి కడితే బొమ్మ మీద గీతలొస్తాయంటారు, నిజమేనా?

రమణ_వైరింగ్
పాత డబ్బా టీవీల్లో చూశాను. ఈ హెచ్‌డీఎంఐ వచ్చాక నాకైతే ఎప్పుడూ కనపడలేదు.

కిరణ్_నెట్
సౌండ్‌బార్‌కి మామూలు ఆడియో వైరు వేస్తే గుయ్‌మనే చప్పుడు వచ్చిన ఇళ్లు నాకు తెలుసు. వైర్లు విడదీస్తే ఒకచోట పోయింది, ఇంకోచోట పోలేదు. ఎందుకో తేలలేదు.

సుధ_నిజాంపేట
ఆదివారం చేశాం. స్టాండు అడుగున్నర జరిపాం, దివాను కూడా అంతే జరపాల్సి వచ్చింది. ఎక్స్‌టెన్షన్ బాక్సు స్టాండు వెనక బిగించాం. మొదట అడాప్టర్లు లావుగా ఉండి పక్క సాకెట్లు మూసేశాయి, సాకెట్లు దూరందూరంగా ఉన్నది మార్చి తెచ్చుకున్నాం. గోడ మీద ఇప్పుడు ఒకటే తెల్ల వైరు. గోడ రుద్దితే చేతికి పొడి అంటింది, అందుకే పట్టీ జోలికి పోలేదు. నెట్ బాక్సు కిరణ్ గారన్నట్టు బాల్కనీ వైపు చిన్న స్టూలు మీద ఉంది. కుడివైపు గోడ మాత్రం బోడిగా కనపడుతోంది, మా అత్తయ్య గారు వచ్చి "ఏంటమ్మా టీవీ మూలకి నెట్టేశారు" అన్నారు.

ఒక్కటి మిగిలింది. నెట్ బాక్సుకి బాల్కనీ వైపు సాకెట్ లేదు, దాని కరెంటు వైరు నాలుగడుగులు నేల మీద పోతోంది. స్కర్టింగ్ టైల్స్ మీద టేపు అంటించొచ్చా?

రమణ_వైరింగ్
టైల్ మీద భేషుగ్గా నిలుస్తుంది, తీసేటప్పుడు పెయింటు భయం లేదు. జిగురు మిగిలితే కొబ్బరినూనె రాసి తుడువు. కాకపోతే తలుపు రెక్క తెరుచుకునే చోట వైరు నలగకుండా చూసుకో. తలుపు ఎటు తెరుచుకుంటుంది, లోపలికా?