ఈఎంఐలో 729 రూపాయల తేడా ఎక్కడిది?

గంటస్తంభం వీధి
విజయనగరం కంటోన్మెంటు వైపు ఒక ఫ్లాటు కొనడానికి మేమిద్దరం 28 లక్షల గృహరుణం తీసుకుంటున్నాం. వడ్డీ 8.5 శాతం, గడువు 20 ఏళ్లు. సంతకాలకు ముందు చదువుకుంటామని అడిగితే, శనివారం శాఖలో విసుక్కుంటూనే పత్రాల నకళ్లు ఇచ్చారు. శాంక్షన్ లెటర్‌లో ఈఎంఐ 24,299 రూపాయలు అని ఉంది. ఒప్పందం చివర ఉన్న వాయిదాల పట్టికలో మాత్రం 25,028 అని ఉంది. మొదట మా ఆయన అది అచ్చుతప్పు అనుకున్నారు. ఆ వడ్డీకి లక్షకు నెలకు 867.82 రూపాయలు పడుతుందని లెక్కకట్టి, 25,028ని దానితో భాగిస్తే 28 లక్షల 84 వేలు వచ్చింది. ఆ 84 వేలు దేనికో ఎక్కడా రాయలేదు. నెలకు 729 అంటే చిన్నదిగానే కనబడుతుంది కానీ, 240 నెలలకు 1,74,960 అవుతుంది. ఇలాంటిది ఇంకెవరికైనా ఎదురైందా?

చీపురుపల్లి కుర్రాడు
అది కచ్చితంగా బీమా ప్రీమియమే. రుణంతో పాటు బీమా అమ్మడాన్ని రిజర్వు బ్యాంకు నిషేధించింది కాబట్టి ఆ కాగితం చించేసి రండి.

నాగావళి ఒడ్డు
మాది శ్రీకాకుళం. మేము రుణాన్ని ముందుగా తీర్చేస్తామంటే రెండు శాతం అడిగారు. మారే వడ్డీ మీద వ్యక్తులు తీసుకున్న గృహరుణానికి అలా అడగకూడదని చెప్పాక వదిలేశారు. మీరు కూడా ముందుగా తీర్చే షరతు చూసుకోండి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి
నాగావళి గారూ, మీ మాట నిజమే కానీ ఈ అమ్మాయి అడిగింది అది కాదు. కుర్రాడు చెప్పింది సగమే నిజం. అది బీమా ప్రీమియమే కావచ్చు, అయితే బీమా అమ్మడం నిషేధం కాదు, చెప్పకుండా అంటగట్టడమే తప్పు. అమ్మా, రుణం షరతులు, రుసుములు అన్నీ ఒకచోట రాసి మీకు ఇచ్చిన కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ తీసి చూడండి. 2024 ఏప్రిల్ 15 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ప్రకారం, అదే ఏడాది అక్టోబరు 1 నుంచి ఇచ్చే కొత్త రుణాలకు, అందులో లేని ఏ రుసుమునూ మీ స్పష్టమైన సమ్మతి లేకుండా రుణకాలంలో ఎప్పుడూ వసూలు చేయకూడదు. బీమాలాగా వేరే సంస్థ తరఫున వసూలు చేసేది కూడా అందులో విడిగా కనబడాలి. చిక్కంతా ఆ సమ్మతి దగ్గరే ఉంది. కట్టలో ఎక్కడో బీమా దరఖాస్తు పెట్టి, సంతకం చోట పెన్సిల్‌తో గుర్తు పెడతారు. నలభై సంతకాల మధ్య మీరు దాని మీద కూడా సంతకం చేస్తే, అదే రేపు మీ సమ్మతి పత్రమవుతుంది. నా ఉద్యోగ కాలంలో అలాంటి గుర్తులు నేనూ పెట్టాను, ఇప్పుడు దాచడం ఎందుకు.

గంటస్తంభం వీధి
బాబాయి గారూ, మీరు చెప్పినట్లే 31వ పేజీలో దొరికింది. పెన్సిల్ గుర్తు కూడా ఉంది. స్టేట్‌మెంట్‌లో ప్రాసెసింగ్ రుసుము, దాని మీద జీఎస్టీ మాత్రమే ఉన్నాయి.

నాగావళి ఒడ్డు
మా తమ్ముడు సంతకం పెట్టాక గమనించాడు. పాలసీ చేతికి అందిన 30 రోజులలోపు వద్దని రాస్తే కొద్ది కోతతో డబ్బు వెనక్కి వచ్చింది. అది రుణఖాతాలో జమ అయింది కానీ ఈఎంఐ తగ్గలేదు. విడిగా అర్జీ పెట్టి తగ్గించుకోవలసి వచ్చింది.

గంటస్తంభం వీధి
సోమవారం వెళ్లాం. బీమా వద్దన్నాం. మేనేజరు కోపగించుకోలేదు కానీ, బీమా లేకపోతే వడ్డీ 8.65 అవుతుందన్నారు. మా ఆయన అక్కడే లెక్కవేస్తే ఈఎంఐ 24,565 వచ్చింది. బీమాతో కట్టేదానికంటే అది ఇంకా తక్కువే. అయినా ఇచ్చిన మాట మార్చడం కదా. శుక్రవారం రిజిస్ట్రేషన్, అమ్మేవారు తొందరపెడుతున్నారు.

చీపురుపల్లి కుర్రాడు
తక్కువే కదా, ఒప్పేసుకోండి.

విశ్రాంత బ్యాంకు ఉద్యోగి
తొందరపడకండి. 8.5 శాతానికి బీమా షరతు శాంక్షన్ లెటర్‌లో ఉందా? లేకపోతే స్టేట్‌మెంట్ మీద తేదీ చూడండి. ఏడు రోజులు, ఆపైన గడువున్న రుణానికి కనీసం మూడు పనిదినాలు అది చెల్లుబాటులో ఉండాలి, ఆలోగా మీరు ఒప్పుకుంటే అందులోని షరతులకు బ్యాంకు కట్టుబడాలి. ఒప్పుకోలును ఈమెయిల్‌లో పంపండి, నోటిమాట వద్దు. రాతపూర్వక ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోతే cms.rbi.org.in లో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు పెట్టవచ్చు, అయితే శుక్రవారం లోపల అది మీకు పనికిరాదు.

గంటస్తంభం వీధి
షరతు లేదు. స్టేట్‌మెంట్ గురువారం సాయంత్రం ఇచ్చారు. ఆ రోజును కూడా లెక్కలోకి తీసుకుంటే గడువు శనివారంతోనే తీరిపోయిందని శాఖవారు అంటున్నారు, మేము శుక్రవారం నుంచి లెక్కిస్తున్నాం. సోమవారం సాయంత్రం నాలుగింటికి మా ఒప్పుకోలు ఈమెయిల్ పంపాం. జవాబు ఇంకా రాలేదు.